తేదీ లేని వార్తలకు చోటెక్కడ? ఒక వ్యవసాయ వెబ్‌సైట్ ఎడిటోరియల్ క్యాలెండర్ కేస్ స్టడీ

మాది రైతుల కోసం నడిచే చిన్న తెలుగు వెబ్‌సైట్. ప్రధానంగా వరి, పత్తి, మిర్చి మీద రాస్తాం. పాఠకుల్లో ఎక్కువమంది కృష్ణా, గుంటూరు, బాపట్ల వైపు వాళ్లు, తెలంగాణలో ఖమ్మం, నల్గొండ, వరంగల్ వైపు వాళ్లు. రాసేవాళ్లు ఇద్దరు, ఎడిట్ చేసేది నేను. మందుల మోతాదులు, విత్తన రకాలు సరిచూసి పెట్టేది ఒక రిటైర్డ్ వ్యవసాయాధికారి, మేమంతా సార్ అనే పిలుస్తాం. వారానికి నాలుగు వ్యాసాలు, అంతకు మించి మాకు ఓపిక లేదు, సార్‌కు అసలే లేదు.

2024 మొదట్లో నేను ఈ పని తీసుకునేసరికి ఏ వారం ఏ వ్యాసం వేయాలో రాసుకునే ఒక షీట్ ఉంది. ఆకుపచ్చ రంగు ఎప్పుడు చదివినా పనికొచ్చే ఎవర్‌గ్రీన్, పసుపు సీజనల్, ఎరుపు వార్త. పైన సగం, ముప్పై శాతం, ఇరవై శాతం అని వాటాలు రాసి ఉన్నాయి. చూడటానికి ముచ్చటగానే ఉంది. పాత నెలలు తిప్పి చూస్తే మాత్రం జూన్, జూలై, అక్టోబర్, నవంబర్ నిండా ఎరుపే. మట్టి నమూనా ఎలా తీయాలన్న వ్యాసం ఒక వారం నుంచి మరో వారానికి జరుగుతూ నెలల తరబడి ప్రయాణం చేసింది. పత్తి విత్తనం కొనేటప్పుడు ఏం చూడాలన్న వ్యాసం జూన్ మూడో వారంలో వచ్చింది. అప్పటికి రైతు విత్తనం కొనడమే కాదు, చాలాచోట్ల విత్తడం కూడా అయిపోయింది. వాటాలు ఎంత పద్ధతిగా రాసుకున్నా, ఎరుపు గడికి ఈరోజే డెడ్‌లైన్ ఉంటుంది, ఆకుపచ్చ గడికి ఎప్పుడూ ఉండదు. ఆ రెండూ పోటీ పడితే ఏది గెలుస్తుందో చెప్పనక్కర్లేదు.

అందుకని వాటాలను పక్కన పెట్టి, షీట్‌లో ఉన్న ప్రతి వ్యాసానికీ ఒకే ప్రశ్న వేశాం: దీనికి తేదీ ఉందా, ఉంటే అది మనకు ముందే తెలుసా?

వార్త అనుకున్నవి చాలావరకు వార్తలు కావు

ఎరుపు గడుల్లో ఏమేం ఉన్నాయో ఒక్కొక్కటే తీసి చూశాం. ఎక్కువగా కనిపించినవి పీఎం కిసాన్ వాయిదా, మద్దతు ధర ప్రకటన, రుతుపవనాల అంచనా, ధాన్యం కొనుగోలు కేంద్రాలు, బడ్జెట్. వీటిలో ఒక్కటి కూడా హఠాత్తుగా వచ్చేది కాదు. వస్తుందని ఏడాది ముందే తెలుసు. ఎప్పుడొస్తుందన్నదే తెలియదు, అదీ పూర్తిగా తెలియకపోవడం కాదు.

ఖరీఫ్ మద్దతు ధరనే తీసుకోండి. 2023లో కేంద్రం జూన్ 7న ప్రకటించింది, సాధారణ రకం వరి క్వింటాలుకు 2,183 రూపాయలు. 2024లో జూన్ 19న, 2,300. 2025లో మే 28న, 2,369. అంటే మూడేళ్లలోనూ మే చివరి వారానికీ జూన్ మూడో వారానికీ మధ్యనే వచ్చింది. పీఎం కిసాన్ రెండు వేలు ఏడాదికి మూడుసార్లు పడాలి. పడిన తేదీలు చూస్తే 2024 జూన్ 18, అక్టోబర్ 5, 2025 ఫిబ్రవరి 24, ఆగస్టు 2, నవంబర్ 19. నాలుగు నెలల లెక్క మరీ కచ్చితంగా నడవదు, కొంచెం అటూ ఇటూ జరుగుతుంది. అయినా ఎప్పటినుంచి సిద్ధంగా ఉండాలో మాత్రం తెలుస్తుంది.

ఇలాంటివాటికి ‘తేలే తేదీ’ అని పేరు పెట్టుకున్నాం. షీట్‌లో వీటికి ఒక తేదీ కాకుండా రెండు తేదీలు ఉంటాయి: ఇంతకు ముందు రావడానికి వీల్లేదు, ఇంత దాటితే ఆలస్యమైనట్టు. మొదటి తేదీకి పది రోజుల ముందే వ్యాసం ముక్కాలు భాగం రాసి పెట్టేస్తాం. మద్దతు ధర విషయంలో గత మూడేళ్ల పట్టిక, ధర ఎవరు సిఫారసు చేస్తారు, ఆ ధర నిజంగా చేతికి రావాలంటే ధాన్యంలో తేమ 17 శాతం దాటకూడదన్న నిబంధన, తేమ ఎలా చూస్తారు, ఇవన్నీ ప్రకటనతో పనిలేకుండా రాయదగ్గవే. ప్రకటన వచ్చిన రోజు నింపాల్సింది కొత్త అంకెలు, పైన మూడు వాక్యాలు. అరపూట పని కాస్తా అరగంట పనైంది. మిగిలిన పూట ఎవర్‌గ్రీన్‌కు దక్కింది.

ఈ పద్ధతిలో ఇంకో మార్పు కూడా వచ్చింది. ఇదివరకు ప్రతి ఏడాదీ కొత్త పేజీ వేసేవాళ్లు. అడ్రస్‌లు `/vari-maddatu-dhara-2022`, `/vari-maddatu-dhara-2023` అని ఉండేవి. రైతు గూగుల్‌లో వెతికితే రెండేళ్ల కిందటి పేజీ ముందు వచ్చేది, ఎందుకంటే దానికే ఎక్కువ లింకులు ఉన్నాయి. పాత ధర చూసి ఫోన్ చేసి గొడవపడ్డవాళ్లు కూడా ఉన్నారు. ఇప్పుడు ఏడాది అంకె లేని ఒకే పేజీ `/vari-maddatu-dhara`. పాత అడ్రస్‌లన్నీ దానికే మళ్లించాం. వార్త నాలుగు పేరాల చిన్న ఐటమ్‌గా విడిగా వస్తుంది, వివరం కావాలన్నవాళ్లను ఈ పేజీకి పంపుతుంది. పీఎం కిసాన్‌కూ అంతే. వాయిదా డబ్బు పడిందన్న వార్త రెండు రోజుల్లో పాతబడుతుంది. డబ్బు పడకపోతే ఈ-కేవైసీ, బ్యాంకు ఖాతాకు ఆధార్ లింకు, భూమి వివరాల నమోదు ఎలా చూసుకోవాలన్న పేజీ మాత్రం ప్రతి వాయిదాకూ మళ్లీ పనికొస్తుంది. వార్త రాసేటప్పుడు మా రైటర్ మొదట చేసే పని ఆ పేజీ తెరిచి, స్క్రీన్లు ఏమైనా మారాయేమో చూడటం. కాబట్టి ప్రతి వాయిదా ఒక ఎవర్‌గ్రీన్ వ్యాసానికి మరమ్మతు రోజు కూడా అవుతోంది.

వెనక శాశ్వత పేజీ లేని వార్తను రాయాలా వద్దా అన్నది మా దగ్గర పెద్ద చర్చే అయింది. చివరికి, రాయకూడదని కాదు గానీ రాసేవాళ్లు ఒక కారణం చెప్పాలి అన్నాం. 2025 జనవరి 14న నిజామాబాద్‌లో జాతీయ పసుపు బోర్డు ప్రారంభమైనప్పుడు మేం రాయలేదు. మా పంటల్లో పసుపు లేదు, మా దగ్గర పసుపు మీద ఒక్క పేజీ కూడా లేదు. పేపర్లన్నీ రాసిన వార్తను మేమూ రాస్తే మా రైతుకు కొత్తగా ఒరిగేదేమీ లేదు.

సీజనల్ వ్యాసం తేదీ సీజన్‌ది కాదు, రైతు నిర్ణయానిది

పసుపు రంగు గడుల సంగతి వేరు. ఇక్కడ తేదీ ముందే తెలుసు అనుకుంటాం. ఖరీఫ్ అంటే జూన్ అనుకుని జూన్‌లో వ్యాసం పెడతాం. కానీ రైతు చేతిలో ఏ నిర్ణయం ఎప్పటిదాకా ఉంటుందన్నది అసలు లెక్క. పత్తి విత్తనం మే చివరి నుంచి కొంటారు. ప్యాకెట్ మీద లాట్ నంబర్ చూడాలి, బిల్లు అడిగి తీసుకోవాలి, కలుపు మందు తట్టుకుంటుందని చెప్పి అమ్మే హెచ్‌టీ పత్తికి అనుమతి లేదు, ఇవన్నీ డబ్బు చేతులు మారకముందు తెలియాలి. ఆ వ్యాసం ఇప్పుడు మే రెండో వారంలో వస్తుంది. జూన్ వచ్చాక అదే వ్యాసాన్ని ఎంత బాగా రాసినా ఫలితం లేదు.

విత్తాక మొదలయ్యే చిక్కు ఇంకొకటి. తేలిక నేలల్లో 50 నుంచి 60, బరువు నేలల్లో 60 నుంచి 75 మిల్లీమీటర్ల వాన పడ్డాకే పత్తి విత్తమంటారు. ఆ వాన ఒక ఏడాది జూన్ రెండో వారంలో పడుతుంది, ఇంకో ఏడాది జూలై దాకా ఆడిస్తుంది. గులాబీ రంగు పురుగు కోసం లింగాకర్షక బుట్టలు విత్తిన 45 రోజులకు పెట్టాలి. పురుగు పట్టి విచ్చుకోని గుడ్డిపూలు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టాల్సింది పూత మొదలయ్యాక. కాబట్టి జూలై 25న బుట్టల వ్యాసం అని జనవరిలో రాసిపెట్టుకుంటే, ఆ ఏడాది వాన మాట విననప్పుడు అది మూడు వారాల తేడాతో తప్పుతుంది.

దీనికి మేం చేసిన ఉపాయం చాలా చిన్నది. పత్తి వ్యాసాలన్నింటికీ తేదీ రాయడం మానేసి, షీట్ పైన ఒకే గడిలో విత్తే వాన తేదీ పెట్టాం. కింద వ్యాసాలన్నీ దాన్నుంచి లెక్క కట్టుకుంటాయి.

```
=$B$1+45-10
```

B1 లో విత్తే వాన తేదీ. 45 రైతు బుట్ట పెట్టాల్సిన రోజు. బుట్టలు, ఎరలు తెప్పించుకోవడానికి టైమ్ కావాలి కాబట్టి పది రోజులు వెనక్కి. జనవరిలో B1 లో అంచనాగా జూన్ 15 ఉంటుంది. వాన పడ్డాక అసలు తేదీ వేస్తే డిసెంబర్‌లో పత్తి మోళ్లు తీసేయమని చెప్పే వ్యాసం దాకా అన్నీ వాటంతట అవే జరుగుతాయి. వరికి నారుమడి పోసే తేదీ, మిర్చికి నాటే తేదీ ఇలాంటి ఆధారాలే. ఖమ్మంలో పడ్డ వాన గుంటూరులో పడకపోవచ్చు, అందుకని పంటకు రెండు ఆధార తేదీలు పెట్టుకున్నాం, ఆంధ్రకు ఒకటి, తెలంగాణకు ఒకటి. నిజానికి జిల్లాకొకటి కావాలి. కానీ నలుగురం నడిపే షీట్‌లో ఇరవై ఆధార తేదీలు పెడితే ఎవరూ వాటిని మార్చరు, నెల తిరిగేసరికి అన్నీ అబద్ధాలవుతాయి.

పండగల దగ్గర ఇదే జాగ్రత్త వేరే రూపంలో కావాలి. సంక్రాంతి ఒకటీ అరా రోజు తేడాతో ఎప్పుడూ జనవరి నడుమే. ఏరువాక పౌర్ణమి అలా కాదు. 2025లో జూన్ 11న వచ్చింది, 2026లో అధిక జ్యేష్ఠం పడటంతో జూన్ 29కి వెళ్లింది. గత ఏడాది షీట్‌ను కాపీ చేసి ఏడాది అంకె మార్చేవాళ్లు ఇక్కడ దొరికిపోతారు. కార్తెలకు ఆ బాధ లేదు. అవి సూర్యుడి లెక్క, రోహిణి మే 25 ప్రాంతంలో, మృగశిర జూన్ 8 ప్రాంతంలో దాదాపు స్థిరంగా వస్తాయి. పైగా రైతులు ఫోన్ చేసినప్పుడు జూన్ రెండో వారం అనరు, మృగశిరలో అంటారు. మృగశిర కురిస్తే ముసలి ఎద్దు రంకె వేస్తుందని ఊరికే అనలేదు కదా. అందుకే షీట్‌లో వారం నంబర్ల పక్కన కార్తె పేరు వేశాం. రైటర్లలో ఒకరు సిటీలో పుట్టి పెరిగిన కుర్రాడు, మొదట నవ్వాడు. ఇప్పుడు హెడ్డింగుల్లో కార్తె పేరు ముందు పెట్టేది అతనే.

ఖాళీ గడి, నిల్వ

వారానికి నాలుగు గడుల్లో రెండు సీజనల్‌వి, ఒకటి ఎవర్‌గ్రీన్, ఒకటి ఖాళీ. ఖాళీ గడి శనివారానిది. గురువారం మధ్యాహ్నం దాకా దాని జోలికి ఎవరూ వెళ్లరు. అప్పటికి రాయదగ్గ వార్త వస్తే అందులోకి వెళ్తుంది, రాకపోతే నిల్వలోంచి ఒక ఎవర్‌గ్రీన్ తీస్తాం. నిల్వ అంటే రాసి, సార్ చూసి, ఫొటోలతో సహా సిద్ధంగా ఉన్న వ్యాసాలు. ఆరు ఉండాలన్నది నియమం. మూడుకు తగ్గితే ఆ వారం ఎవరో ఒకరు వేరే పని ఆపి నిల్వ నింపాలి.

ఈ నియమం కాగితం మీద సులువే. నిల్వ ఎప్పుడు నిండుతుందన్నదే అసలు సమస్య. మా దగ్గర పని ఆగేది రాసేవాళ్ల దగ్గర కాదు, సరిచూసే సార్ దగ్గర. జూన్ వచ్చిందంటే ఆయన ఫోన్ ఊరి రైతులతోనే బిజీ, మా వ్యాసాలు వారం రోజులు ఎదురుచూస్తాయి. ఆయనకు తీరిక దొరికేది ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా. అందుకని ఏడాది పొడవునా ఒకే వాటా అనే ఆలోచనే వదిలేశాం. వేసవిలో మూడు గడులు ఎవర్‌గ్రీన్‌వే. డ్రిప్ ఫిల్టర్ శుభ్రం చేయడం, మట్టి నమూనా, విత్తన మొలక శాతం ఇంట్లోనే చూసుకోవడం, పచ్చిరొట్ట, స్ప్రేయర్ నాజిల్ ఎంపిక, ఇలాంటివన్నీ అప్పుడే రాసి, కొన్ని వేసి, కొన్ని దాస్తాం. జూన్, జూలైలో ఎవర్‌గ్రీన్ రాయడం దాదాపు ఉండదు, దాచినవే బయటికొస్తాయి. ఏడాది మొత్తం మీద లెక్క వేస్తే ఆ పాత సగం, ముప్పై, ఇరవైకి పెద్ద తేడా రాకపోవచ్చు. కానీ ఏ ఒక్క నెలలోనూ అది కనిపించదు.

ఎవర్‌గ్రీన్ అన్న పేరు చూసి మోసపోకూడదన్నది మాకు పురుగుమందుల దగ్గర తెలిసొచ్చింది. కేంద్రం 2018లో ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం ఫోరేట్, ట్రైజోఫాస్, డైక్లోర్‌వాస్ లాంటివి 2020 డిసెంబర్ 31 నుంచి నిషేధం. ఆ పేర్లు సైట్‌లో వెతికితే వరి, పత్తి పాత వ్యాసాల్లో అక్కడక్కడా దర్జాగా కూర్చుని ఉన్నాయి. వ్యాసం మిగతాదంతా ఇప్పటికీ సరైనదే, ఒక్క వాక్యం మాత్రం రైతును నిషేధించిన మందు కోసం షాపుకు పంపుతుంది. అప్పటినుంచి ప్రతి ఎవర్‌గ్రీన్‌కూ చివరిసారి సరిచూసిన తేదీ G నిలువులో ఉంటుంది.

```
=IF(TODAY()-G2>365,"చూడాలి","")
```

మందు పేరు ఉన్న వ్యాసాలకు 365 బదులు 180. ‘చూడాలి’ అని వచ్చిన వ్యాసం కొత్త వ్యాసంతో సమానం, దానికీ క్యాలెండర్‌లో గడి కేటాయిస్తాం. గడి ఇవ్వకపోతే ఆ పని ఎవరి నెత్తినా ఉండదు.

తుఫాను వారం

ఇక మూడో రకం, తేదీ అసలే లేనివి. మా ప్రాంతంలో అవి ఎక్కువగా నీటితో వస్తాయి.

మిచాంగ్ తుఫాను 2023 డిసెంబర్ 5న బాపట్ల దగ్గర తీరం దాటింది. డెల్టాలో వరి కోతలు నడుస్తున్న టైమ్, కొందరివి కోసిన పనలు చేలోనే ఉన్నాయి. నేను చేరకముందు సంగతి ఇది. ఆ వారం సైట్ చూస్తే తుఫాను ఎక్కడుంది, గాలి వేగమెంత, ఏ రైళ్లు రద్దయ్యాయి అన్న వార్తలున్నాయి. అవన్నీ టీవీలో నిమిషానికోసారి వస్తున్నవే. రైతులు కామెంట్లలో అడిగింది వేరు, పనలు తడిశాయి, మొలకెత్తకుండా ఏం చేయాలి అని. దానికి జవాబు పాతదే. 5 శాతం ఉప్పు ద్రావణం, అంటే లీటరు నీటికి 50 గ్రాముల ఉప్పు కలిపి పనల మీద, పడిపోయిన కంకుల మీద పిచికారీ చేయాలి. వ్యవసాయ శాస్త్రవేత్తలు ప్రతి తుఫానుకూ చెప్పేదే. ఆ వ్యాసం వచ్చేసరికి చాలా చేలల్లో మొలకలు కూడా వచ్చేశాయి. పాత షీట్ చూపించినప్పుడు సార్ అన్న మాట ఇది: "పనలు తడిశాక రాస్తే ఏం లాభమమ్మా, మబ్బు పట్టకముందే రాసి పెట్టుకోవాలి."

2024 వేసవిలోనే తుఫాను కిట్ అని ఒకటి తయారు చేశాం. కోతకు ముందు, కోశాక, కళ్లంలో ధాన్యం ఉండగా ఏం చేయాలో సార్ దగ్గర కూర్చుని రాసి నిల్వలో పెట్టాం. డిసెంబర్ కోసమని అనుకున్నాం. 2024 సెప్టెంబర్ 1న బుడమేరు విజయవాడను ముంచింది, అదే రోజుల్లో ఖమ్మంలో మున్నేరు పొంగింది. వరి అప్పటికి నాటు అయి పిలకలు వేసే దశలో ఉంది. మా కిట్‌లో ఉన్నదంతా కంకి గురించే. మునిగిన లేత వరికి కావాల్సింది ముందు నీరు తీయడం, తీశాక తేరుకోవడానికి యూరియా, పొటాష్ పైపాటుగా వేయడం. వాతావరణ కారణం ఒకటే అయినా పైరు దశ మారితే సలహా పూర్తిగా మారిపోతుంది. అందుకని కిట్‌ను విపత్తు పేరు మీద కాకుండా పైరు దశ పేరు మీద మళ్లీ విడగొట్టాం. వరికి నారుమడి, పిలకలు, పొట్ట, ఈనిక, పాలు పోసుకోవడం, కోత, కళ్లం. ఒక్కో దశకు రెండు చిన్న కార్డులు, వానకు ముందు ఒకటి, తర్వాత ఒకటి. పత్తికి, మిర్చికి ఇంత వివరం అక్కర్లేదు, మూడేసి దశలు సరిపోయాయి.

మొంథా తుఫాను 2025 అక్టోబర్ 28 మంగళవారం రాత్రి నరసాపురం దగ్గర్లో తీరం దాటింది. ఆ వారానికి షీట్‌లో ఉన్నవి ఇవి: సోమవారం మిర్చిలో నల్ల తామర పురుగు, బుధవారం శనగ విత్తన శుద్ధి, శుక్రవారం స్ప్రేయర్ నాజిల్ మీద ఎవర్‌గ్రీన్, శనివారం ఖాళీ.

వాతావరణ శాఖ తుఫాను హెచ్చరికలు నాలుగు మెట్లుగా ఇస్తుంది. తీరం దాటడానికి సుమారు 72 గంటల ముందు ప్రీ సైక్లోన్ వాచ్, 48 గంటల ముందు సైక్లోన్ అలర్ట్, 24 గంటల ముందు సైక్లోన్ వార్నింగ్, 12 గంటల ముందు తీరం దాటాక పరిస్థితి ఎలా ఉంటుందన్న అంచనా. మా ప్రచురణ ఈ మెట్లనే పట్టుకుంటుంది. మొదటి మెట్టు దగ్గరే మా వ్యాసం రావాలి, ఎందుకంటే రైతు పొలంలో ఏమైనా చేయగలిగేది అప్పుడే. కోతకొచ్చిన చేనుకు మిషన్ దొరకాలన్నా, కళ్లంలో ధాన్యం మీద పరదాలు కప్పాలన్నా ఆ రెండు రోజులే. రెండో మెట్టు దగ్గర కొత్త వ్యాసం ఉండదు, మొదటిదాన్నే పైకి తెస్తాం. మూడో మెట్టు వచ్చాక పొలం పనుల సలహా మొత్తం ఆపేస్తాం. కరెంటు తీగలు, మోటార్లు, పశువుల కట్టుతాళ్లు, ఇంతే. ఆ టైమ్‌లో పొలానికి వెళ్లి ఫలానాది చేయండి అని రాయడం ప్రమాదం. తీరం దాటాక ‘తర్వాత’ కార్డులు వరసగా వస్తాయి.

మొంథాకు మొదటి మెట్టు వారాంతంలో పడింది. ఇక్కడ ఒక మంచి జరిగింది. కార్డులు ముందే సరిచూసి ఉన్నాయి కాబట్టి సార్‌ను అడగాల్సింది ఒక్క ప్రశ్నే, ఇప్పుడు డెల్టాలో వరి ఏ దశలో ఉంది అని. ఎక్కువ చోట్ల ఈనిక, పాలు పోసుకునే దశ, ముందు నాటినచోట కోతకు దగ్గర అని చెప్పారు. ఆ మూడు కార్డులు కలిపి ఆదివారం ఉదయానికి ఒక వ్యాసం వేశాం. ఉప్పు ద్రావణం కార్డు కోత దశకే పరిమితమని అందులో లావు అక్షరాల్లో రాశాం. పాలు పోసుకునే దశలో పడిపోయిన వరికి నీరు తీసేసి, వీలైనంతవరకు దుబ్బుల్ని లేపి కట్టడం, తర్వాత గింజ మచ్చ తెగులు కనిపెట్టి ఉండటం ముఖ్యం. మొదట రాసిన కిట్ యథాతథంగా వేసి ఉంటే ఈ రైతులు పాలకంకి మీద ఉప్పు నీళ్లు కొట్టి ఉండేవాళ్లు.

ముందే వేసుకున్న నాలుగు గడులు ఏమయ్యాయన్నది క్యాలెండర్ వేసేవాళ్లకు అసలు పాఠం. షీట్‌లో ‘జరపొచ్చా’ అని ఒక నిలువు ఉంటుంది. నాజిల్ వ్యాసానికి అవును అని ఉంది, అది నిశ్శబ్దంగా నిల్వకు వెళ్లిపోయింది. నల్ల తామర పురుగు వ్యాసానికి కాదు అని ఉంది, కానీ వానలో తామర పురుగు ఉద్ధృతి ఎటూ తగ్గుతుంది, మిర్చి రైతుకు ఆ వారం అసలు భయం నీరు నిలిచి వేరు కుళ్లడం. కాబట్టి వ్యాసం వాయిదా పడి, తీరం దాటాక మిర్చి ‘తర్వాత’ కార్డు దాని బదులు వచ్చింది. శనగ విత్తన శుద్ధికీ కాదు అనే ఉంది. కానీ దాని తేదీ విత్తే తేదీకి కట్టి ఉంది. చేలు తడిసి ఆరేదాకా విత్తలేరు, ఆధార తేదీ పది రోజులు జరిపితే వ్యాసం కూడా జరిగింది. ఎవరూ కూర్చుని వాదించుకోలేదు. అందరం టెన్షన్‌లో ఉన్న వారంలో అది చిన్న విషయం కాదు.

ఖాళీ గడిలోకి చివరికి వెళ్లింది పంట నష్టం నమోదు వ్యాసం. ఆంధ్రలో ఈ-క్రాప్‌లో పేరుందో లేదో రైతు సేవా కేంద్రంలో చూసుకోవడం, ఎన్యూమరేషన్‌కు వచ్చేవాళ్లకు ఏం చూపించాలి, అలాంటివి. ఈ వ్యాసం ఒక్కటే నిజంగా అప్పటికప్పుడు రాసింది. ఎందుకంటే పరిహారం ఎంత, గడువెంత అన్నది ప్రతిసారీ మారుతుంది. పాతది తీసి వేస్తే పాత అంకెలు రైతు చేతికి వెళ్తాయి.

కుదరనివి

రెండు రాష్ట్రాలకు ఒకే క్యాలెండర్ నడపడం పథకాల దగ్గరికొచ్చేసరికి కుదరడం లేదు. పీఎంఎఫ్‌బీవై పంటల బీమా నుంచి రెండు రాష్ట్రాలూ 2020లో బయటికొచ్చాయి, ఆంధ్ర 2022లో మళ్లీ చేరింది. రైతుకు నేరుగా ఇచ్చే సాయం పథకాల పేర్లు ప్రభుత్వం మారినప్పుడల్లా మారుతున్నాయి. పంట గురించి రాసే ఎవర్‌గ్రీన్ రెండు వైపులా చెల్లుతుంది, పథకం గురించి రాసేది చెల్లదు. పథకం పేజీలను ఎవర్‌గ్రీన్ జాబితాలోంచి తీసేసి, తేలే తేదీల జాబితాలోకి మార్చాం. రాష్ట్రానికొక పేజీ, ప్రతి సీజన్ ముందు కచ్చితంగా మరమ్మతు. పని పెరిగింది, కానీ మరో దారి కనిపించలేదు.

ఇంకొకటి గుంటూరు యార్డు మిర్చి ధర. జనవరి నుంచి ఏప్రిల్ దాకా పాఠకులు అన్నింటికన్నా ఎక్కువ అడిగేది అదే. రోజూ వేయాలని రైటర్ల కోరిక, వ్యూస్ బాగానే వస్తాయి. కానీ రోజు ధర అంటే రోజుకొక గడి, అది మిగతా మూడింటినీ మింగేస్తుంది. ఆ రోజు ధర రైతుకు ఎలాగూ తెలుసు, యార్డుకు వెళ్లిన పక్కింటి బాబాయి ఫోన్‌లో చెప్తాడు. మేం వారానికి ఒక్కసారి, సోమవారం, రకాల వారీగా ధర కదలికతో పాటు ఎంత సరుకు వస్తోంది, కోల్డ్ స్టోరేజీలో పెట్టాలా అమ్మాలా అన్న లెక్క ఇస్తున్నాం. ఆ లెక్కలో అద్దె, వడ్డీ, తూకంలో తరుగు ఎలా కలపాలో చెప్పే పేజీ ఈ వేసవి నిల్వలో మొదటి వరసలో ఉంది. సార్ దగ్గర సరిచూడటానికి పెట్టాం.